12×10 గదికి ఐమూలగా టైల్స్: ఎన్ని కావాలో లెక్క కట్టిన నా అనుభవం

గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. వేయాలనుకున్నవి 600 × 600 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్స్, అంటే అందరూ 'రెండు బై రెండు' అనేవి. గోడలకు సమాంతరంగా కాకుండా ఐమూలగా, డైమండ్ ఆకారంలో కనిపించేలా వేయించాలని మా కోరిక. మేస్త్రి గారు గది చూడగానే నోటిలెక్క చెప్పేశారు: "120 చదరపు అడుగులు, టైలుకి నాలుగు, ముప్పై టైల్స్. నిలువుగా వేస్తే పది శాతం వేస్టేజీ, ఐమూలకి పదిహేను శాతం. 35 తెప్పించండి సార్."

ఎక్కడ అడిగినా ఈ పది, పదిహేను శాతాలే చెబుతారు. అది తప్పని నేననను. కానీ ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఆర్డర్ పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. పని మధ్యలో రెండు టైల్స్ తగ్గితే అదే బ్యాచ్ దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. వేరే బ్యాచ్ తెస్తే రంగులో చిన్న తేడా ఉన్నా నేల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని కాగితం మీద గది గీసి, ప్రతి టైలూ, ప్రతి ముక్కా లెక్కపెట్టాను. ఆ లెక్కలో తేలినవి నేను అనుకున్నదానికి చాలా దూరంగా ఉన్నాయి. ముఖ్యంగా ఒకటి: మా గదిలో ఐమూల కంటే నిలువు పేర్పుకే ఎక్కువ టైల్స్ పట్టే అవకాశం ఉంది.

మొదట కొలతల సంగతి. రెండు బై రెండు అంటాం కానీ 600 మిల్లీమీటర్లు రెండు అడుగులు కాదు. రెండు అడుగులంటే దాదాపు 610. ఒక్క టైలుకి సెంటీమీటరు తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ 12 అడుగుల గోడ 3658 మిల్లీమీటర్లు, ఆరు టైల్స్ కలిపితే 3600 మాత్రమే. గోడ పక్కన 58 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. విస్తీర్ణంలో చూసినా ఒక టైలు నాలుగు చదరపు అడుగులు రాదు, 3.875 వస్తుంది. అంటే ముప్పై కాదు, వేస్టేజీ ఏమీ లేకుండానే 31 టైల్స్ కావాలి.

టైలుకీ టైలుకీ మధ్య 2 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టాలనుకున్నాం. గోడ వెంట నాలుగు వైపులా 6 మిల్లీమీటర్ల సందు వదలాలి. టైల్స్ వేడికి వ్యాకోచించినా గోడకు ఆని పైకి లేవకుండా ఉండేందుకు ఆ సందు. స్కర్టింగ్ కింద అది కనిపించదు. ఇవి తీసేస్తే నిజంగా టైల్స్ పరవాల్సిన చోటు 3646 × 3036.

ఐమూలకి వెళ్లే ముందు, పోల్చి చూద్దామని నిలువు పేర్పు లెక్క వేశాను. ఒక మూల నుంచి మొదలుపెట్టి పూర్తి టైల్స్ వేసుకుంటూ పోతే పొడవు వైపు ఆరు టైల్స్ పడతాయి, చివర 34 మిల్లీమీటర్ల పట్టీ మిగులుతుంది. వెడల్పు వైపు ఐదు టైల్స్, చివర 26 మిల్లీమీటర్ల పట్టీ. టైల్స్ లెక్కలో ఇది చాలా చవక, 32 లోపే సరిపోతుంది. కానీ రెండు వేళ్ల వెడల్పు ముక్కను గోడ పొడవునా వేయిస్తే చూడటానికి అస్సలు బాగుండదు. పైగా అంత సన్నటి పట్టీలు కోసేటప్పుడే విరుగుతాయి, వేశాక కూడా కింద సరిగ్గా అతుక్కోక కదులుతాయి. గోడ కాస్త వంకరగా ఉంటే ఒక చివర 34 ఉన్న పట్టీ ఇంకో చివర 20కి తగ్గుతుంది, కంటికి ఇంకా తేలిగ్గా పట్టేస్తుంది.

దానికి అందరూ చెప్పే ఉపాయం పేర్పును గది మధ్య నుంచి మొదలుపెట్టడం. అలా చేస్తే పొడవు వైపు మధ్యలో ఐదు పూర్తి టైల్స్, రెండు చివర్లా 317 మిల్లీమీటర్ల ముక్కలు. వెడల్పు వైపు నాలుగు పూర్తి టైల్స్, రెండు చివర్లా 313 ముక్కలు. చూడటానికి చక్కగా, రెండు వైపులా సమంగా ఉంటుంది. చిక్కంతా ఆ 317లోనే ఉంది. 600 టైల్ నుంచి 317 ముక్క కోస్తే మిగిలేది 283. అది ఇంకో చివరకి పనికిరాదు, మూడు సెంటీమీటర్లకు పైగా తక్కువ. కాబట్టి ప్రతి వరసకీ రెండు చివర్లా రెండు కొత్త టైల్స్ కోయాల్సిందే. పొడవు వైపు ఏడు, వెడల్పు వైపు ఆరు, మొత్తం 42 టైల్స్! 31 టైల్స్ విస్తీర్ణానికి 42 అంటే మూడో వంతుకి పైగా అదనం. 31కి పది శాతం కలిపి 34 తెచ్చుకున్నవాళ్లకి ఎనిమిది తగ్గుతాయి.

గోడ దగ్గర ముక్క సరిగ్గా సగం టైలు కంటే కొంచెం తక్కువ వచ్చి ఉంటే ఒక్క టైలు నుంచి రెండు చివర్లూ వచ్చేవి, లెక్క ఒక్కసారిగా దిగిపోయేది. సగం కంటే కొంచెం ఎక్కువ రావడంతో లెక్క అలా పెరిగింది. గది పొడవులోనూ వెడల్పులోనూ రెండేసి అంగుళాలు చిన్నదైతే తక్కువ టైల్స్ పట్టడం ఒక్కటే కాదు, ఏకంగా పన్నెండు తగ్గుతాయి. ఏ శాతమూ ఈ సంగతి చెప్పలేదు.

దీనికి మధ్యేమార్గం కూడా ఉంది. రెండు చివర్లా కలిపి 634 మిల్లీమీటర్లు కావాలి కదా, దాన్ని సమంగా కాకుండా 195, 439గా పంచుకోవచ్చు. 439 ముక్క గుమ్మంలోంచి కనబడే వైపు, 195 ముక్క మంచం, అల్మారా పెట్టే వైపు. ఒక టైలు నుంచి 195 పట్టీలు మూడు వస్తాయి. వెడల్పు వైపు కూడా అలాగే 195, 431. ఇప్పుడు లెక్కపెడితే మధ్యలో 20 పూర్తి టైల్స్, 439, 431 ముక్కలకి 10 టైల్స్, 195 పట్టీలు పన్నెండు కాబట్టి వాటికి 4 టైల్స్. మొత్తం 34. అంటే పది శాతం నియమం సరిగ్గా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. అదే గది, అదే టైలు, గీత ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి 32, 34, 42. ఇది చూశాక శాతం అనేది లెక్క అయిపోయాక సరిచూసుకోవడానికే గానీ, లెక్క మొదలుపెట్టడానికి కాదని నాకు గట్టిగా అనిపించింది.

ఇక ఐమూల. దీన్ని నోటితో లెక్కపెట్టలేం, గీసి తీరాలి. గ్రాఫ్ పేపర్ మీద 1:20 స్కేలులో గది గీశాను, అంటే దాదాపు 18.2 × 15.2 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రం. ఆ స్కేలులో టైలు 3 సెంటీమీటర్ల చదరం. వేరే ట్రేసింగ్ పేపర్ మీద 3 సెంటీమీటర్ల గళ్లు పెద్దగా గీసి, దాన్ని 45 డిగ్రీలు తిప్పి గది బొమ్మ మీద పెట్టాను. ట్రేసింగ్ పేపర్ అటూ ఇటూ జరుపుతుంటే గోడల దగ్గర ఎలాంటి ముక్కలు వస్తున్నాయో కళ్ల ముందే మారుతూ కనిపిస్తాయి. కంప్యూటర్లో గీయగలిగినవాళ్లు అలా చేసుకోవచ్చు, నాకు మాత్రం కాగితం జరపడమే తేలిగ్గా ఉంది.

గది మధ్య బిందువు మీద ఒక టైలు మధ్య వచ్చేలా పేపర్ ఆపి, పొడవు గోడకు సమాంతరంగా ఒక్కో వరస చూసుకుంటూ పోయాను. మధ్య వరసలో మూడు పూర్తి టైల్స్, రెండు చివర్లా మొన తెగిన టైల్స్ రెండు. దానికి పైన ఒకటి, కింద ఒకటి వరసల్లో నాలుగేసి పూర్తి టైల్స్, రెండు చివర్లా చిన్న త్రిభుజాలు. ఆ తర్వాతి వరసలు మళ్లీ మధ్య వరస లాంటివే. వాటి తర్వాతివి పొడవు గోడకు దగ్గరవుతాయి కాబట్టి వాటిలో పూర్తి టైల్స్ లేవు, మొన తెగినవి నాలుగేసి, చివర్లా చిన్న త్రిభుజాలు రెండేసి. ఆఖరుగా గోడను ఆనుకుని ఐదేసి త్రిభుజాలు. మొత్తం పూర్తి టైల్స్ 17, మొన తెగిన పెద్ద ముక్కలు 14, త్రిభుజాలు 18. ప్రతి ముక్కకీ కొత్త టైలు కోస్తే 49 కావాలి.

49 అని చూసి ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ ఐమూల పేర్పులో ఒక మంచి గుణం ఉంది, నిలువు పేర్పులో అది లేదు. గోడ దగ్గర టైలు మొన తెగ్గొడితే పడే ముక్క లంబకోణ త్రిభుజం. గోడ దగ్గర ఖాళీలో పెట్టాల్సిన ముక్క కూడా లంబకోణ త్రిభుజమే. రెండింటికీ లంబకోణం ఉన్న రెండు భుజాలూ ఫ్యాక్టరీ అంచులే, కోసిన అంచు ఒక్కటే, అది గోడ వైపు పోతుంది. అంటే ఒక చోట తెగ్గొట్టిన మొన ఇంకో చోట నేరుగా కూర్చుంటుంది. సరిపోతుందా లేదా అన్నది దాని ఎత్తు మీద, అంటే మొన నుంచి కోసిన అంచు వరకు ఉన్న దూరం మీద ఆధారపడుతుంది.

మా గదిలో ఆ ఎత్తులు ఇలా వచ్చాయి. టైలు కర్ణం దాదాపు 85 సెంటీమీటర్లు, అందులో సగం 42.5. పొట్టి గోడల దగ్గర మొన తెగిన టైల్స్ ఆరు, వాటి నుంచి పడే త్రిభుజాల ఎత్తు 30 సెంటీమీటర్లు. పొడవు గోడల దగ్గర మొన తెగిన టైల్స్ ఎనిమిది, వాటి నుంచి పడేవి 18 సెంటీమీటర్ల ఎత్తువి. కావాల్సినవి: పొట్టి గోడల వెంట 12 సెంటీమీటర్ల ఎత్తు త్రిభుజాలు ఎనిమిది, పొడవు గోడల వెంట 24 సెంటీమీటర్ల ఎత్తువి పది. ఈ పదిలో గది మూలల్లో వచ్చే నాలుగింటికి ఇంకో వైపు కూడా కాస్త కోత ఉంటుంది, అంతే తేడా.

ఇప్పుడు జత కలపడం చాలా తేలిక. 18 ఎత్తు ముక్కలు ఎనిమిది ఉన్నాయి, వాటిని తగ్గించి కోస్తే 12 ఎత్తు త్రిభుజాలు ఎనిమిదీ వచ్చేస్తాయి. 30 ఎత్తు ముక్కలు ఆరింటి నుంచి 24 ఎత్తువి ఆరు వస్తాయి. ఇంకా నాలుగు 24 త్రిభుజాలు మిగిలాయి. ఒక కొత్త టైలుకి ఎదురెదురు మూలల నుంచి అలాంటివి రెండు వస్తాయి. పక్కపక్క మూలల నుంచి రావు, ఎందుకంటే 24 ఎత్తు త్రిభుజానికి భుజం 34 సెంటీమీటర్లు, రెండు కలిపితే 60 దాటుతుంది. కాబట్టి ఇంకో రెండు టైల్స్. మొత్తం 17, 14, 2 కలిపితే 33.

31 టైల్స్ విస్తీర్ణానికి 33! మధ్య నుంచి మొదలుపెట్టిన నిలువు పేర్పుకి 42 పట్టిన గదిలోనే. ట్రేసింగ్ పేపర్ను అర టైలు జరిపి, నాలుగు టైల్స్ కలిసే కూడలి గది మధ్యకు వచ్చేలా పెడితే 32కే సరిపోతుందని తేలింది. కానీ దాంట్లో తెగే ముక్కలు, కావాల్సిన ముక్కలు లెక్కకి లెక్క సమానం. ఒక్కటి విరిగినా కొత్త టైలు తీయాలి. గది మధ్యలో ఒక పూర్తి టైలు ఉండటమే మాకు నచ్చింది కాబట్టి 33 దగ్గరే ఆగాం.

ఈ కాగితం మేస్త్రి గారికి చూపిస్తే ఆయన బాగా పరిశీలించి ఒకే మాట అన్నారు: "లెక్క సరిగ్గానే ఉంది సార్, కానీ ఈ ముక్కలు ఏవి ఎక్కడికో గుర్తుపెట్టుకుని దాచాలి. కోసినవి మూలకి విసిరేస్తే మీ 33 నలభై దాటుతుంది." ఐమూలకి పదిహేను శాతం అనడంలో అసలు సంగతి ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. మిగిలిన ముక్కలను వరసగా వాడుకుంటే వృథా ఏడు శాతం కూడా ఉండదు, వాడకపోతే యాభై శాతం దాటిపోతుంది. పదిహేను అనేది కొన్ని వాడి, కొన్ని పారేసే మామూలు పనికి వచ్చే సగటు.

ఇంకో విషయం టైలు డిజైన్. ఇది చాలామంది చూడరు. పైన చెప్పిన జతల్లో పొట్టి గోడ దగ్గర తెగిన ముక్క పొడవు గోడకి పోతోంది. అంటే ముక్కను పావు చుట్టు తిప్పి పెడుతున్నాం. టైలు ఒకే రంగుదో, చిన్న మచ్చల డిజైనుదో అయితే తిప్పినా తేడా తెలియదు. పాలరాయిలో లాగా చారలు ఒకే దిక్కుకి పోయే టైలైతే తిప్పిన ముక్కలో చారలు అడ్డంగా పడతాయి, అవి అతికించిన ముక్కల్లాగా కనిపిస్తాయి. అలాంటి టైలుకి తెగిన మొనలను మా గదిలో ఇలా తిప్పి వాడలేం. తిప్పకుండా ఎదురు గోడకి పెట్టగలిగేవి 12 ఎత్తు వాటికే పనికొస్తాయి. 24 ఎత్తువి పదింటికీ విడిగా కొత్త టైల్స్ కోయాలి. ఒక టైలుకున్న నాలుగు మూలల్లో పై, కింది మూలల నుంచి 24 ఎత్తువి రెండు, ఎడమ, కుడి మూలల నుంచి 12 ఎత్తువి రెండు వస్తాయి. అలా పొదుపుగా కోసినా ఐదు టైల్స్ పడతాయి. అప్పుడు మొత్తం 36. మేస్త్రి గారు నోటిలెక్కగా చెప్పిన 35 దీనికి ఒకటి తక్కువ, అది కూడా ఒక్క టైలూ విరగదనుకుంటే. నేను చూసి పెట్టుకున్న రెండు డిజైన్లలో ఒకటి చారలది. ఈ లెక్క చూశాక మచ్చలదే ఖాయం చేశాం. డిజైన్ విషయం ఆర్డర్ ముందే తేల్చుకోవాలి, లెక్క దానితోనే మారుతుంది.

కాగితం మీది గది మూలమట్టంగా ఉంటుంది, నిజం గది అలా ఉండదు. అందుకని గది కర్ణాలు రెండూ కొలిచాం. 3658, 3048 కొలతలకి కర్ణం 4761 రావాలి. మాకు ఒకటి 4770, ఇంకోటి 4752 వచ్చాయి. 18 మిల్లీమీటర్ల తేడా అంటే పొట్టి గోడలు మూలమట్టం నుంచి ఒక చివర దాదాపు 12 మిల్లీమీటర్లు పక్కకి జరిగాయన్నమాట. నిలువు పేర్పులో ఇది గోడ వెంట పట్టీ ఒక చివర సన్నబడటంగా సూటిగా కనిపిస్తుంది. ఐమూలలో అంతగా కనిపించదు, కానీ త్రిభుజాల ఎత్తు ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. మా లెక్కలో 12 కావాల్సిన చోట 18 ఎత్తు ముక్క ఉంది, 24 కావాల్సిన చోట 30 ఉంది. ఆరు సెంటీమీటర్ల వెసులుబాటు ఉంది కాబట్టి గోడ వంకర, కట్టర్ బ్లేడు తినే రెండు మూడు మిల్లీమీటర్లు, ఏవీ ఇబ్బంది పెట్టవు. మీ గదిలో ఈ వెసులుబాటు సెంటీమీటరు లోపే వస్తే ఆ జతను నమ్మకండి, ఆ ముక్కకి కొత్త టైలు లెక్కలో రాసుకోండి. పేపర్ను ఇంకాస్త జరిపి చూసినా మంచిదే.

గుమ్మం దగ్గర మాకు రాతి పట్టీ ఉంది, టైల్స్ గోడ గీత దగ్గరే ఆగిపోయాయి. గోడ మందంలోకి టైలు వెళ్లే గుమ్మమైతే ఆ చోటును కూడా బొమ్మలో గీయాలి. అక్కడ త్రిభుజాలు పెద్దవవుతాయి, దాచిన ముక్కలు వాటికి చాలవు.

ఇక విరిగేవి. ఐమూల కోతలో ప్రతి త్రిభుజానికీ రెండు చివర్లా 45 డిగ్రీల పదునైన మొనలు వస్తాయి. విట్రిఫైడ్ టైల్ గట్టిదే కానీ పెళుసు, ఆ మొనల దగ్గర పెచ్చులూడుతుంది. గీసి విరిచే మాన్యువల్ కట్టర్‌తో పెద్ద కోతలు బాగానే వచ్చాయి గానీ, టైలు మూలను చిన్నగా తెగ్గొట్టే చోట గీత మీద కాకుండా పక్కకి విరిగే ప్రమాదం ఎక్కువ. వాటిని డైమండ్ బ్లేడు పెట్టిన గ్రైండర్‌తోనే కోయాలి. ఈ కోతలు, పెట్టెలో మూల దెబ్బతిని వచ్చేవి అన్నీ కలిపి మూడు టైల్స్ అదనంగా రాసుకున్నాను. దెబ్బతిన్న మూల ఉన్న టైలును వెనక్కి ఇచ్చేయడం కంటే మొన తెగే చోటికి పెట్టుకోవడం నయం, ఆ మూల ఎలాగూ పోయేదే. కాకపోతే ఆ మొన త్రిభుజంగా మళ్లీ పనికిరాదు.

స్కర్టింగ్ అదే టైలుతో వేయాలనుకున్నాం, నాలుగు అంగుళాల ఎత్తు, కోతకి 100 మిల్లీమీటర్లుగా తీసుకున్నాం. గుమ్మం పోగా గోడల మొత్తం పొడవు 12.5 మీటర్లు. 600 టైలు నుంచి 100 మిల్లీమీటర్ల పట్టీలు ఆరు రావాలి కానీ బ్లేడు తినేది పోగా ఐదే సరిగ్గా వస్తాయి. అంటే టైలుకి 3 మీటర్లు, మొత్తం ఐదు టైల్స్. ఇక్కడ నిలువు పేర్పుకి న్యాయం చేయాలి: దాంట్లో మిగిలిన 283 పట్టీల నుంచి రెండేసి స్కర్టింగ్ ముక్కలు వస్తాయి, కాబట్టి ఆ 42 అంతా వృథా కాదు. ఐమూలలో మిగిలే త్రిభుజాల నుంచి స్కర్టింగ్ రాదు.

33, విరిగేవాటికి 3, స్కర్టింగ్‌కి 5, మొత్తం 41. పెట్టెకి నాలుగు టైల్స్ కాబట్టి 11 పెట్టెలు, 44 టైల్స్. పెట్టెలన్నీ ఒకే బ్యాచ్, ఒకే షేడ్ నంబరు అని దించుకునేటప్పుడే చూసుకున్నాం. దించాక చూడటం వేరు, ఒక్కో పెట్టె మీద ముద్ర చదువుతూ దించడం వేరు. రెండోదే చేయాలి.

పని మొదలైన రోజు సిమెంటు కలపకముందే గది మధ్యలో సుద్ద దారంతో 45 డిగ్రీల గీతలు రెండు కొట్టి, మధ్య వరసా దానికి అడ్డంగా ఒక వరసా టైల్స్ ఉత్తినే పేర్చి చూశాం. రెండు పొట్టి గోడల దగ్గరా ఖాళీ సమంగా వచ్చిందో లేదో కొలిచాకే అంటించడం మొదలుపెట్టారు. పూర్తి టైల్స్ అన్నీ ముందు, మొన తెగినవి తర్వాత, త్రిభుజాలు చివర. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే త్రిభుజాలకి ముడిసరుకు మొన తెగిన టైల్స్ నుంచే రావాలి. తెగిన ప్రతి మొన వెనుక నేను పెన్సిల్‌తో 30 అనో 18 అనో రాసి, రెండు దొంతులుగా గోడ బయట పెట్టాను. మేస్త్రి గారికి త్రిభుజం కావాల్సి వచ్చినప్పుడు గోడ దగ్గర కొలిచి, ఏ దొంతిలోంచి అనేది చెబితే చాలు.

పొట్టి గోడలో ఒక చివర త్రిభుజం 11.5, ఇంకో చివర 12.5కి దగ్గరగా వచ్చింది, కర్ణాల తేడా చెప్పినట్టే. ప్రతిదాన్నీ విడిగా కొలిచి కోశారు. 30 దొంతిలో ఒకటి తగ్గించి కోసేటప్పుడు మొన పోయింది, దానికి కొత్త టైలు తీశాం. మూలలో రెండు వైపులా కోత ఉండే ముక్క ఒకటి కూడా అలాగే రెండోసారి కోయాల్సి వచ్చింది, అది మాత్రం అప్పటికే సగం వాడిన టైలులోంచే వచ్చింది. నేలకి 34, స్కర్టింగ్‌కి 5, మొత్తం 39 వాడారు. ఐదు పూర్తి టైల్స్ మిగిలాయి. వాటిని పెట్టెలోనే నిలువుగా పెట్టి, పైన బ్యాచ్ నంబరు ఉన్న వైపు బయటికి కనిపించేలా సర్దాను. ఎప్పుడైనా ఒక టైలు పగిలి తీసి వేయాల్సి వస్తే అదే షేడ్ బయట దొరకడం కష్టం కాబట్టి, నాలుగు పూర్తి టైల్స్ అయినా ఇంట్లో ఉండాలని మేస్త్రి గారు చెప్పారు. ట్రేసింగ్ పేపర్ ఆయనే అడిగి తీసుకెళ్లారు, తర్వాత చేయబోయే గదికి అదే గళ్లు, గది బొమ్మ ఒక్కటే కొత్తగా గీసుకుంటే సరిపోతుందని.